రిపోర్టులో ఎర్ర గుర్తులు తొమ్మిది, అసలు సంగతులు రెండే

బ్లడ్ టెస్ట్ రిపోర్టు స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో రాగానే ఎవరైనా ముందు చేసే పని ఎర్రగా ఉన్న అంకెలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం. రెండుంటే పర్లేదనుకుంటారు, తొమ్మిదుంటే ఇంట్లో పొయ్యి కూడా వెలగదు. నేను పాలకొల్లు వైపు ల్యాబ్‌లో పనిచేస్తాను, కౌంటర్ దగ్గర రోజూ చూసేది ఇదే. నేను గట్టిగా నమ్మేదేంటంటే ఎర్ర అంకెల్ని విడివిడిగా చదవకూడదు, ఒకేసారి కదిలిన వాటిని ఒక గుంపుగా చదవాలి, అది అయ్యాక ఎర్రగా లేని అంకెల్ని కూడా చూడాలి, ఎందుకంటే ఒక్కోసారి అసలు విషయం ఏ గుర్తూ పడని నల్ల అంకెలోనే ఉంటుంది. దీనికి ఒక్క రిపోర్టు తీసుకుని మొత్తం విప్పి చెప్తాను.

ముందు ఆ ఎరుపు ఎలా వస్తుందో చెప్పాలి. రిపోర్టులో కుడివైపు ఉండే రిఫరెన్స్ రేంజ్ ఎవరో పెద్దాయన కూర్చుని ఇంతవరకు ఆరోగ్యం, ఇక్కణ్ణుంచి జబ్బు అని గీసిన గీత కాదండి. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తం పరీక్ష చేసి, వచ్చిన అంకెల్ని వరసగా పేర్చి, కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం తీసేసి, మధ్యలో మిగిలిన 95 శాతాన్ని రేంజ్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో కూడా ఐదుగురికి ఆ టెస్టులో గుర్తు పడుతుంది, అది లెక్కలోనే ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని టెస్టులు 20 చేయించారనుకోండి, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్కదాంట్లోనైనా గుర్తు పడే అవకాశం 64 శాతం దాకా ఉంటుంది. హెల్త్ ప్యాకేజీ పేరుతో అరవై డెబ్భై టెస్టులు చేయించుకున్నాక ఒక్క ఎర్ర గుర్తూ లేకుండా రావడమే అరుదు. అందుకే ఒంటరిగా, గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉన్న ఎర్ర అంకె చూసి కంగారు పడక్కర్లేదు, ఎంత దూరం వెళ్లింది, తనతోపాటు ఇంకెవరు వెళ్లారు అన్నది చూడాలి.

ఇక స్క్రీన్‌షాట్ సంగతి. రిపోర్టు పీడీఎఫ్ వేరు, స్క్రీన్‌షాట్ వేరు. స్క్రీన్‌షాట్‌లో పైన ఉండే వయసు, ఆడా మగా, తేదీ కత్తిరించేస్తారు, అవి లేకపోతే నేను చదవను. ఎందుకంటే హిమోగ్లోబిన్ 12.4 ఆడమనిషికి మామూలే, మగాడికి తక్కువ, గర్భిణికి 11 దాటితే చాలు, చిన్నపిల్లలకి వయసుని బట్టి లెక్క మారిపోతుంది, కొన్ని చోట్ల సాఫ్ట్‌వేర్ పిల్లాడి రిపోర్టు మీద కూడా పెద్దవాళ్ల రేంజే అచ్చేస్తుంది. తర్వాత యూనిట్లు. ప్లేట్‌లెట్స్ ఒక ల్యాబ్ 4.68 అని లక్షల్లో రాస్తే ఇంకో ల్యాబ్ 468 అని వేలల్లో రాస్తుంది, రెండూ ఒకటే, కానీ పోయినసారి 468 ఉన్నది ఇప్పుడు 4కి పడిపోయిందని భయపడి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. మసకగా ఉన్న ఫొటోలో దశాంశ బిందువు కనపడదు, 11.2 కాస్తా 112 అవుతుంది. ఇక అన్నిటికంటే ఎక్కువగా కత్తిరించేది రిపోర్టు అడుగున రెండు లైన్లలో ఉండే మాటలు. స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద చూసి రాసే పెరిఫెరల్ స్మియర్ అన్నమాట. అక్కడ అంకెలుండవు, ఎర్ర రంగుండదు, అందుకని ఎవరికీ పట్టదు. నాకైతే అది లేకుండా రిపోర్టు సగమే వచ్చినట్టు.

సరే, ఇప్పుడా రిపోర్టు. గోదారి అవతల, చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు ఒక ఊళ్లో నాకు వరసకి అక్క ఉంది. 44 ఏళ్లు. నాట్లకి, కలుపుకి వెళ్తుంది, మిగతా రోజుల్లో కొబ్బరితోటల్లో పని. కొన్ని నెలలుగా నీరసం, మేడ మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే కాళ్లు లాగడం. ఊళ్లో చూపిస్తే బలం ఇంజక్షన్లు అని ఒక కోర్సు చేశారు, తగ్గలేదు. అప్పుడు రక్తపరీక్ష చేయిస్తే రిపోర్టు హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి వెళ్లింది, వాడు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి, నేను చూసేలోపే ఫోన్ చేశాడు.

"మావయ్యా, తొమ్మిది ఎర్రగా ఉన్నాయి. ప్లేట్‌లెట్స్ కూడా హెచ్ అని వచ్చింది. బ్లడ్ క్యాన్సరా ఏంటి?"

"ఆగరా అబ్బాయ్. స్క్రీన్‌షాట్ కాదు, పీడీఎఫ్ పంపు. పైనుంచి కిందదాకా మొత్తం పంపు."

పంపాడు. అందులో ముఖ్యమైన అంకెలివి. హిమోగ్లోబిన్ 8.9, ఉండాల్సింది 12 పైన. పీసీవీ 29. ఎంసీవీ 69, ఉండాల్సింది 83 నుంచి 101. ఎంసీహెచ్ 21.2, ఎంసీహెచ్‌సీ 30.7, ఈ రెండూ తక్కువే. ఆర్‌డీడబ్ల్యూ 18.4, పై గీత 14. ప్లేట్‌లెట్స్ 4.68 లక్షలు, ఆ ల్యాబ్ పై గీత 4.1. తెల్లకణాలు 9,400, అది రేంజ్‌లోనే ఉంది, కానీ వాటిల్లో ఇసినోఫిల్స్ 14 శాతం, ఆబ్సల్యూట్ కౌంట్ 1,316. ఇవీ ఆ తొమ్మిది.

ఇప్పుడు వీటిని కలిపి చదవండి. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఊపిరిని మోసే ఎర్ర పదార్థం, అది తగ్గింది. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాలు ఎంత భాగం ఆక్రమించాయో చెప్పేది, హిమోగ్లోబిన్ తగ్గితే అదీ తగ్గుతుంది, అది వేరే జబ్బు కాదు. ఎంసీవీ అంటే ఒక్కో ఎర్రకణం సైజు, కణాలు చిన్నవైపోయాయి. ఎంసీహెచ్, ఎంసీహెచ్‌సీ అంటే ఒక్కో కణంలో ఎంత ఎరుపుందో చెప్పేవి, కణాలు పాలిపోయాయి. ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల సైజుల్లో తేడా, ఒకటి కాస్త పెద్దది, ఒకటి మరీ చిన్నది, అన్నీ ఒకేలా లేవు. ఇవన్నీ కలిపితే ఒకే మాట, ఎర్రకణం తయారవడానికి కావలసిన ఇనుము ఒంట్లో లేదు. ఇనుము లేనప్పుడు హిమోగ్లోబిన్ సరిపడా తయారవదు, కణం చిన్నగా పాలిపోయి బయటికొస్తుంది, ఇనుము తగ్గేకొద్దీ కొత్తగా వచ్చే కణాలు పాతవాటికంటే ఇంకా చిన్నగా వస్తుంటాయి కాబట్టి సైజుల్లో తేడా పెరుగుతుంది. మరి ప్లేట్‌లెట్స్? ఇనుము తగ్గినవాళ్లకి ప్లేట్‌లెట్స్ కొంచెం పెరగడం మామూలు విషయం, ఇనుము నిండాక అవే దిగిపోతాయి. డెంగీ పుణ్యమా అని మన దగ్గర ప్లేట్‌లెట్స్ అనగానే గుండె ఆగుతుంది గానీ 4.1కి బదులు 4.68 అంటే భయపడే ఎత్తు కాదు, అదీ మిగతా ఆరు గుర్తులు ఇనుమువైపే వేలు చూపిస్తున్నప్పుడు. తొమ్మిదిలో ఏడు గుర్తులు కలిపి ఒక్క సంగతి అయిపోయింది. అడుగున స్మియర్ లైన్‌లో కూడా మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ అని ఉంది, అంటే చిన్న కణాలు, పాలిపోయిన కణాలు. మెషిన్ చెప్పిందీ మనిషి కంటితో చూసిందీ ఒకటే అయ్యాయి. ఆ లైనే స్క్రీన్‌షాట్‌లో లేదు!

ఇక్కడ ఎంసీవీ ఎటు వెళ్లిందన్నది చాలా ముఖ్యం. బలం ఇంజక్షన్లు అని ఇచ్చేవి చాలావరకు బి12. బి12 తగ్గితే వచ్చే రక్తహీనతలో కణాలు పెద్దవవుతాయి, ఎంసీవీ 100 దాటుతుంది. అక్కకి 69. అంటే ఆ సూదులు ఎన్ని వేసినా తలుపొకచోట, తాళం ఇంకోచోట. రక్తం తక్కువుంది అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఏ రకంగా తక్కువో చూడకపోవడం వల్ల ఒక మనిషి కొన్ని నెలలు ఆయాసపడింది, డబ్బులు కూడా పోయాయి, దీనికే నాకు బాధ. ఇనుమూ, బి12 రెండూ కలిసి తగ్గితే ఎంసీవీ మధ్యలో ఎక్కడో కూర్చుని మోసం చేస్తుంది, అదీ నిజమే, కానీ అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువగానే ఉండి ఏదో తేడా ఉందని చెప్తుంది.

ఎంసీవీ తక్కువుంటే ఇనుము లోపమే అని కళ్లుమూసుకుని కూడా అనకూడదు. ఇంకో కారణం ఉంది, తలసీమియా మైనర్, అంటే పుట్టుకతో వచ్చే లక్షణం, మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. అక్కడ కణాలు చిన్నవే గానీ సంఖ్య ఎక్కువ. ఆమధ్య పెళ్లికి ముందు టెస్ట్ చేయించుకున్న ఒకమ్మాయి రిపోర్టులో హిమోగ్లోబిన్ 11.3, ఎంసీవీ 64, ఎర్రకణాల సంఖ్య 5.8 మిలియన్లు. ఆ 5.8 పక్కన హెచ్ పడింది, ఇంట్లోవాళ్లు ఎర్రకణాలు ఎక్కువున్నాయంటే రక్తం బాగానే ఉందన్నమాట అని సంతోషించారు. 1973లో మెంట్జర్ అనే డాక్టరు చెప్పిన చిన్న లెక్క ఒకటుంది, ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించడం. 13కి పైన వస్తే ఇనుము లోపం వైపు మొగ్గు, 13కి కింద వస్తే తలసీమియా మైనర్ వైపు మొగ్గు. ఈ అమ్మాయికి 64ని 5.8తో భాగిస్తే 11. మా అక్కకి ఎర్రకణాలు 4.2 మిలియన్లు, 69ని దాంతో భాగిస్తే 16కి పైన. ఇది తేల్చేసే టెస్ట్ కాదు, ఎటు వెతకాలో చెప్పే లెక్క, తప్పడం కూడా మామూలే. తేల్చడానికి హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చూసే హెచ్‌పీఎల్‌సీ టెస్ట్ ఉంది, అది 3.5 శాతం దాటితే తలసీమియా లక్షణం ఉన్నట్టు. ఇనుము బాగా తగ్గి ఉన్నప్పుడు ఆ అంకె కిందకి దిగి దాక్కోవచ్చు, అందుకని ఇనుము లోపం కూడా ఉంటే ముందది సరిచేసి ఆ టెస్ట్ మళ్లీ చేయిస్తారు. మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కదా, ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగోవంతు. ఎర్ర గుర్తు చూసి సంతోషపడ్డ ఆ 5.8 వెనక ఇంత ఉంది.

మళ్లీ అక్క దగ్గరికొద్దాం. ఇనుము లోపం అన్నాక ఫెరిటిన్ చేయించమన్నాను. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టిన ఇనుము ఎంతుందో చెప్పేది, గాదెలో ధాన్యం అనుకోండి. కోతలకి ముందే గాదె ఖాళీ అయిపోయినా కొన్నాళ్లు వంటింటి డబ్బాలో బియ్యం ఉంటాయి, అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇనుమూ అంతే, ముందు ఫెరిటిన్ పడిపోతుంది, హిమోగ్లోబిన్ చాలా తర్వాత పడుతుంది. రెండ్రోజులకి ఫెరిటిన్ రిపోర్టు వచ్చింది, మేనల్లుడు మెసేజ్ పెట్టాడు, "మావయ్యా, ఇది నార్మలే. ఎర్రగా లేదు."

అంకె 11.2. ఆ ల్యాబ్ రేంజ్ ఆడవాళ్లకి 10 నుంచి 291. గీతకి లోపలే ఉంది కాబట్టి మెషిన్ ఏమీ అనలేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 15 కంటే తక్కువుంటే ఇనుము నిల్వ లేనట్టే, చాలామంది డాక్టర్లు 30 కింద ఉన్నా లోపంగానే చూస్తారు. మరి ల్యాబ్ గీత 10 దగ్గరెందుకుంది? రేంజ్ ఎలా తయారవుతుందో పైన చెప్పాను కదా, ఆరోగ్యంగా కనిపించే ఆడవాళ్ల రక్తం తీసి పేరుస్తారు. ఆ ఆరోగ్యంగా కనిపించే ఆడవాళ్లలోనే నెలసరి వల్ల, కాన్పుల వల్ల, తిండి చాలక ఇనుము ఖాళీ అయినవాళ్లు ఎంతోమంది ఉంటారు, వాళ్లనీ కలిపి 95 శాతం గీశాక కింది గీత కిందకి జారిపోతుంది. ఎక్కువమందికి ఉన్న లోపం కాగితం మీద నార్మల్ అయిపోతుంది. నాకు దీనిమీద చాలా కోపం ఉంది. హిమోగ్లోబిన్ 12.3 ఉండి ఫెరిటిన్ 11 ఉన్న కాలేజీ అమ్మాయికి రిపోర్టు మొత్తంలో ఒక్క ఎర్ర గుర్తు కూడా పడదు, ఆ పిల్ల జుట్టు రాలుతోందని, పచ్చి బియ్యం నమలాలనిపిస్తోందని, క్లాసులో నిద్రొస్తోందని చెప్తే రిపోర్టు నార్మల్‌గా ఉంది కదమ్మా బద్ధకం అంటారు. ఊరికే పచ్చి బియ్యం నమలాలనిపించడం ఇనుము లోపానికి పాత గుర్తు, మా అక్కని అడిగితే ఆవిడా నవ్వి "ఆయ్, చేటలో బియ్యం ఏరుతూ సగం నేనే తినేత్తన్నా తమ్ముడూ" అంది. అది ఏ రిపోర్టులోనూ రాదు.

ఫెరిటిన్‌కి ఇంకో మెలిక కూడా ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, వాపు, లివర్ సమస్య ఉన్నప్పుడు అది దొంగగా పెరుగుతుంది. జ్వరంలో ఉన్నప్పుడు తీసిన ఫెరిటిన్ 50 ఉన్నా లోపం లేదనడానికి లేదు, అందుకే అలాంటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి గీతని 70కి పెంచింది. తక్కువుంటే మాత్రం నమ్మొచ్చు, ఫెరిటిన్ దొంగగా తగ్గదు.

ఇక మిగిలిన రెండు గుర్తులు, ఇసినోఫిల్స్. ఇక్కడ ముందు ఒక మాట, తెల్లకణాల్లో శాతం చూసి ఎప్పుడూ తీర్పు చెప్పకూడదు, అసలు సంఖ్య చూడాలి. మొత్తం తెల్లకణాలు 4,000 ఉన్నవాళ్లకి ఇసినోఫిల్స్ 8 శాతం ఉంటే శాతం పక్కన గుర్తు పడుతుంది, కానీ సంఖ్య 320, అది మామూలే. అక్కకి 9,400లో 14 శాతం అంటే 1,316, మామూలుగా 500 లోపే ఉంటుంది. కాబట్టి ఇది నిజంగా పెరిగిందే. ఇసినోఫిల్స్ అనేవి తెల్లకణాల్లో ఒక జాతి, ఎలర్జీలప్పుడు, ఆస్తమాలో, కొన్ని మందులకి, ఒంట్లో పురుగులున్నప్పుడు పెరుగుతాయి. మన వైపు ఇసినోఫీలియా అనగానే దగ్గు సిరప్పు రాయించుకోవడం అలవాటు. బోదకాలు ఉన్న ప్రాంతం కాబట్టి ఆ పురుగు వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఇసినోఫీలియా కూడా మన డాక్టర్లకి బాగా తెలుసు, కానీ దాంట్లో సంఖ్య సాధారణంగా 3,000 దాటిపోతుంది, రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటాయి. అక్కకి దగ్గు లేదు, తుమ్ములు లేవు, దురదల్లేవు.

అప్పుడు రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకవైపు ఇనుము ఎటో పోతోంది, ఇంకోవైపు పురుగుల్ని చూస్తే పెరిగే కణాలు పెరిగాయి. ఈ రెండూ కలిస్తే, పైగా మనిషి చెప్పుల్లేకుండా చేలో, కొబ్బరితోటలో పనిచేస్తుంటే, ముందు అడగాల్సింది కొంకిపురుగు గురించి, డాక్టర్లు హుక్‌వార్మ్ అంటారు. దాని గుడ్లు మలంతో నేలమీద పడి, తడి ఉండి నీడ ఉన్న ఇసకనేలలో పిల్లపురుగులవుతాయి, ఒట్టి కాలు తగిలితే చర్మంలోంచి లోపలికెళ్లి చివరికి చిన్నపేగుకి చేరి గోడ పట్టుకుని రక్తం పీలుస్తాయి. మన డెల్టాలో కొబ్బరితోట కంటే దానికి అనువైన చోటుందా, పైన నీడ, కింద ఇసక కలిసిన నేల, ఎప్పుడూ బోదెల్లో నీళ్లు. లెక్క చూడండి, వీటిల్లో నెకేటర్ అనే రకం ఒక్కో పురుగు రోజుకి పీల్చేది 0.03 మిల్లీలీటర్లు, వంద పురుగులుంటే 3 మిల్లీలీటర్లు, అందులో పోయే ఇనుము సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీగ్రాములు. రోజూ తిన్న తిండిలోంచి మన ఒంటికి పట్టే ఇనుమే ఒకటి రెండు మిల్లీగ్రాములు. వచ్చిందంతా అటే పోతోంది. ఇంకో రకం ఉంది, ఆంకైలోస్టోమా, అది ఒక్కోటి దీనికి నాలుగైదు రెట్లు పీలుస్తుంది.

ఇదంతా అనుమానమే, రిపోర్టు రుజువు కాదు. అక్కకి మోషన్ టెస్ట్ చేశారు, మొదటిసారి ఏమీ కనపడలేదు. పొద్దున్న తీసిన శాంపిల్ మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి తెచ్చారు, గుడ్లు తక్కువున్నప్పుడు ఒక్క స్లైడ్‌లో దొరకవు కూడా. తాజాగా తెచ్చిన రెండో శాంపిల్‌లో పల్చటి పెంకుతో, లోపల నాలుగు గదుల్లా కనిపించే గుడ్లు దొరికాయి. డాక్టరుగారు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ రాశారు, ఐరన్ మాత్రలు రాశారు. ఫిబ్రవరిలో స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో ఇచ్చే పురుగుల మాత్ర 1 నుంచి 19 ఏళ్లవాళ్లకే, చేలో కాలు పెట్టేది మాత్రం వాళ్లమ్మ. ఇంకోటి, పురుగులు దొరికాయి కదా అని డాక్టరుగారు అక్కడితో వదల్లేదు, నెలసరి ఎలా అవుతోంది, మలం నల్లగా వస్తోందా, బరువు తగ్గిందా అని అన్నీ అడిగారు. ఇది చాలా అవసరం. మగవాళ్లకి గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి గానీ ఇనుము లోపం కనిపిస్తే పేగులో ఎక్కడో రక్తం కారుతోందేమో చూడాల్సిందే, అల్సరో, పైల్సో, ఒక్కోసారి పెద్దపేగు క్యాన్సరో ఆ రూపంలోనే మొదట బయటపడుతుంది. వాళ్లకి ఐరన్ టానిక్ ఇచ్చి పంపేస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, అసలు జబ్బు లోపల అలాగే పెరుగుతుంది.

ఇవన్నీ అక్కకి చెప్పాలి కదా. ఎంసీవీ అనీ, ఆర్‌డీడబ్ల్యూ అనీ చెప్తే ఏం లాభం. వాయిస్ మెసేజ్ పెట్టాను, దాదాపు ఇలా. "అక్కా, నీకు రక్తం పన్నెండు ఉండాలి, తొమ్మిది దగ్గరుంది. రక్తం తయారవడానికి ఇనుము కావాలి, నీ ఒంట్లో దాచుకున్న ఇనుము అయిపోయింది, అందుకే ఆయాసం, అందుకే కాళ్లు లాగడం. ఇనుము ఎక్కడికి పోతోందంటే కడుపులో పురుగులు రక్తం పీలుస్తున్నాయి, చెప్పుల్లేకుండా తోటలో తిరిగితే పాదంలోంచి ఎక్కుతాయవి. పురుగుల మాత్రా, ఐరన్ మాత్రా రెండూ వేసుకోవాలి, ఒకటే వేసుకుంటే పని జరగదు. ఐరన్ మాత్ర వేసుకున్న ముందూ వెనకా గంటసేపు టీ తాగకు, టీ తాగితే ఇనుము పట్టదు. మలం నల్లగా వస్తుంది, అది మాత్ర వల్ల, భయపడకు. మిగతా ఎర్ర గుర్తులన్నీ ఇందులో భాగమే, వేరే జబ్బులు కావు." ఆవిడ తిరిగి అడిగింది ఒక్కటే, "మరి క్యాన్సర్ అంటన్నాడేంటి మీ మేనల్లుడు?" తెల్లకణాల మొత్తం మామూలుగా ఉంది, స్మియర్‌లో తేడా కణాలేవీ రాయలేదు, ఈ రిపోర్టులో ఆ అనుమానానికి చోటు లేదని చెప్పాను. లేని ధైర్యం ఇవ్వలేదు, ఉన్నదే చెప్పాను.

మామూలు జనం రిపోర్టులు చదవకూడదు, అది డాక్టర్ల పని అనేవాళ్లు ఉన్నారు. జబ్బు పేరు పెట్టడం, మందు రాయడం డాక్టర్ల పనే, దాంట్లో రెండో మాట లేదు. కానీ రిపోర్టు ఇప్పుడు డాక్టరు కంటే ముందు ఫోన్‌కి వస్తోంది, చదవొద్దంటే ఎవరూ ఆగరు, ఎర్ర రంగు చూసి భయపడడమో, ఎరుపు లేదని వదిలేయడమో చేస్తారు. అక్క విషయంలో ఆ రెండూ జరగబోయాయి, ప్లేట్‌లెట్స్ చూసి భయపడ్డారు, ఫెరిటిన్ చూసి వదిలేయబోయారు, రెండూ తలకిందులే. గుంపుగా చదవడం తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం అడగాలో తెలుస్తుంది, నాకు ఎంసీవీ తక్కువుంది కదండీ, ఫెరిటిన్ చూద్దామా అని అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. కొన్నిటికి మాత్రం చదువుతూ కూర్చోకూడదు. హిమోగ్లోబిన్ 7కి దిగినా, కూర్చున్నచోటే ఆయాసమొచ్చినా, ఛాతీలో నొప్పున్నా, ఐరన్ మాత్రలు వేసుకోకుండానే మలం తారులా వచ్చినా, స్మియర్‌లో బ్లాస్ట్స్ అనే మాట కనిపించినా ఆరోజే హాస్పిటల్‌కి వెళ్లాలి.

నెల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించారు, మళ్లీ మేనల్లుడి ఫోన్. ఈసారి గొంతులో ఇంకా కంగారు.

"మావయ్యా, ఆర్‌డీడబ్ల్యూ 18 ఉండేది, ఇప్పుడు 23.6 అయ్యింది. పెరిగిపోయింది!"

హిమోగ్లోబిన్ 8.9 నుంచి 10.8కి వచ్చింది, ఎంసీవీ 76, ప్లేట్‌లెట్స్ 3.4 లక్షలకి దిగాయి, ఇసినోఫిల్స్ 390. అన్నీ దారిలో పడ్డాయి, ఒక్క ఆర్‌డీడబ్ల్యూ తప్ప. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. నెల రోజులకి పాత చిన్న కణాలు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి, వాటి మధ్యకి ఇనుము అందాక తయారైన మామూలు సైజు కణాలు వచ్చి చేరాయి, చిన్నవీ పెద్దవీ కలిసేసరికి సైజుల్లో తేడా ఇంకా పెరిగింది. మందు పనిచేస్తోందని చెప్పే అంకె అది, కాగితం మీద మాత్రం ముందుకంటే ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. మాత్రలు వేసుకుంటున్నా నెలకి హిమోగ్లోబిన్ కదలకపోతే, ఆర్‌డీడబ్ల్యూ కూడా ఉన్నచోటే ఉంటే అప్పుడు ఆలోచించాలి, మాత్రలు నిజంగా వేసుకుంటోందా, టీతో కలిపి వేసుకుంటోందా, రక్తం ఇంకా ఎక్కడైనా పోతోందా, లేకపోతే తలసీమియా లక్షణం కూడా ఉందా అని.

వాడికి ఇది చెప్పాక అడిగాడు, హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపేయొచ్చా అని. ఆపకూడదురా అన్నాను. 12 దాటేసరికి నిండేది తిరుగుతున్న రక్తమే, నిల్వ ఇంకా ఖాళీగానే ఉంటుంది. ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వేసుకుంటే గానీ ఫెరిటిన్ పైకి రాదు, అప్పుడు టెస్ట్ చేయించి, రేంజ్ కాలమ్‌లో ఏముందో చూడకుండా అంకె 30 దాటిందో లేదో చూసి, డాక్టరుగారిని అడిగి ఆపొచ్చు. ఈలోపు అక్కకి తోటలోకి వేసుకునే రబ్బరు బూట్లు ఒక జత కొని పంపమన్నాను, ఎందుకంటే ఆల్బెండజోల్ లోపలున్న పురుగుల్నే చంపుతుంది, నేలలో ఉన్నవి మళ్లీ ఎక్కకుండా ఆపలేదు.